చిన్న దుకాణానికి దొంగతనం బీమా: గల్లాలో, సేఫ్‌లో, దారిలో ఉన్న డబ్బుకు పరిమితులు ఎలా పెట్టుకోవాలి

దుకాణంలో వచ్చిన నగదు ఒకే చోట ఉండదు. పగలు గల్లా పెట్టెలో ఉంటుంది, రాత్రి సేఫ్‌లోకి వెళ్తుంది, మర్నాడు ఎవరో ఒకరి చేతి సంచిలో బ్యాంకు దారి పడుతుంది. ఒక్కోసారి బ్యాంకు మూసేస్తే యజమాని ఇంటికి కూడా చేరుతుంది. మీకు ఇదంతా ఒకే డబ్బు కావచ్చు, బీమా పాలసీకి మాత్రం ఇవి వేర్వేరు డబ్బులు. ఒక్కోదానికి ఒక్కో పరిమితి, ఒక్కో షరతు ఉంటాయి. పోయిన క్షణంలో ఆ డబ్బు ఎక్కడుంది, అప్పుడు దుకాణం తెరిచి ఉందా మూసి ఉందా అనేదాన్ని బట్టి పరిహారం తేలుతుంది. చిన్న దుకాణాల క్లెయిమ్‌లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. అందుకే ఈ వ్యాసంలో సరుకు గురించి కావలసినంత వరకే చెప్పి, నగదు పరిమితులను నిదానంగా చూద్దాం. కింద ఇచ్చిన అంకెలు లెక్క అర్థం కావడానికి మాత్రమే. వాటి స్థానంలో మీ దుకాణం అంకెలు వేసుకోండి.

మొదటి అడుగు: బర్గ్లరీ పాలసీ దేన్ని దొంగతనం అంటుందో చదవండి

వాడుకలో ఏది మాయమైనా దొంగతనమే అంటాం. బర్గ్లరీ పాలసీ అలా అనదు. దొంగ బలవంతంగా లోపలికి వచ్చి ఉండాలి, లేదా బలవంతంగా బయటికి పోయి ఉండాలి. ఆ బలప్రయోగానికి కంటికి కనిపించే ఆనవాలు ఉండాలి. తెగిన తాళం, వంగిన షట్టరు పట్టీ, పెకలించిన కిటికీ చువ్వ, గోడకు వేసిన కన్నం లాంటివి ఆ కోవలోకి వస్తాయి. పగటిపూట కొనుగోలుదారుడు సరుకు చంకలో పెట్టుకుపోవడం, లెక్క చూసుకున్నప్పుడు తేలే తరుగు, పనివాళ్ల చేతివాటం ఇందులోకి రావు. పనివాళ్ల మోసానికి ఫిడెలిటీ గ్యారంటీ అనే వేరే పాలసీ ఉంది.

'లేదా బయటికి' అన్న మాట మీ పాలసీలో ఉందో లేదో ప్రత్యేకంగా చూడండి. దుకాణం మూసే వేళకు లోపల దాక్కుని, అందరూ వెళ్లాక సరుకు మూట కట్టి, వెనుక తలుపు గడియ విరగ్గొట్టి పోయే దొంగలుంటారు. పాలసీలో ప్రవేశం ఒక్కటే రాసి ఉంటే ఈ నష్టం వివాదంలో పడుతుంది. దొంగ మారుతాళంతో తెరిచి, పని అయ్యాక మళ్లీ తాళం వేసి వెళ్లినా అదే చిక్కు, ఎందుకంటే ఆనవాలు మిగలదు. తాళంచెవి ఎవరైనా పోగొట్టుకుంటే అదే రోజు తాళం మార్చాలని చెప్పేది ఇందుకే.

దుకాణం వరుసగా కొన్ని రోజులకు మించి మూసి ఉంటే రక్షణ ఆగిపోతుందన్న షరతు చాలా పాలసీల్లో కనిపిస్తుంది. ఆ గడువు కొన్నింటిలో 7 రోజులే. ఊరికి వెళ్లేటప్పుడు కంపెనీకి ముందే రాసి ఒప్పుకోలు తెచ్చుకోవాలి. తిరిగి వచ్చాక చెబితే పని జరగదు.

రెండో అడుగు: సరుకుకు బీమా మొత్తం

సరుకును కొన్న ధర మీద లెక్కించండి, అమ్మే ధర మీద కాదు. ఏడాదిలో సరుకు అత్యధికంగా ఉండే నెలను పట్టుకోండి. ఒక దుకాణంలో మామూలు రోజుల్లో 16 లక్షల సరుకు, నిండుగా ఉన్నప్పుడు 24 లక్షల సరుకు ఉంటుందనుకుందాం. యజమాని ప్రీమియం తగ్గుతుందని 15 లక్షలకే పాలసీ తీసుకున్నాడు. దొంగతనం జరిగిన రాత్రి లోపల 20 లక్షల సరుకుంది, అందులో 4 లక్షలది పోయింది. బీమా 15 లక్షలు, పోయింది 4 లక్షలే కాబట్టి మొత్తం వస్తుందని అతని ఆశ. కానీ ఉన్న సరుకులో ముప్పావు వంతుకే బీమా ఉంది కనుక నష్టంలోనూ ముప్పావు వంతే, అంటే 3 లక్షలే ఇస్తారు. ఈ నిబంధనను యావరేజ్ క్లాజ్ అంటారు.

దీనికి చిన్న దుకాణాలకు తగిన మార్గం ఫస్ట్ లాస్ పద్ధతి. నిప్పు మొత్తం సరుకును కాల్చేయగలదు గానీ, దొంగ ఒక్క రాత్రిలో దుకాణం మొత్తం ఖాళీ చేయలేడు. కాబట్టి మొత్తం విలువ 24 లక్షలని ప్రకటించి, అందులో 25 శాతానికి, అంటే 6 లక్షలకు రక్షణ తీసుకుంటారు. పై దొంగతనంలో అప్పుడు 4 లక్షలూ వస్తాయి. అయితే ఇక్కడా ఒక మెలిక ఉంది. ప్రకటించిన మొత్తం విలువ నిజమైనదై ఉండాలి. అతను 24కు బదులు 16 లక్షలే అని రాసి ఉంటే, 20 లక్షల సరుకున్న రాత్రి 4 లక్షల నష్టానికి 3 లక్షల 20 వేలే దక్కుతాయి. ఫస్ట్ లాస్‌లో తగ్గించుకోవలసింది రక్షణ శాతాన్ని, మొత్తం విలువను కాదు.

బరువు తక్కువ, ధర ఎక్కువ ఉన్న సరుకు మీదైతే 25 శాతం సరిపోకపోవచ్చు. మొబైల్ ఫోన్ల దుకాణంలో రెండు గోనె సంచుల్లో సగం విలువ బయటికి పోతుంది. బియ్యం బస్తాల దుకాణంలో అలా జరగదు. ఒక వ్యాను, ఇద్దరు మనుషులు, రెండు గంటల సమయం అనుకుని, మీ దుకాణం నుంచి ఎంత ఎత్తుకుపోగలరో నిలబడి లెక్కేయండి. శాతం ఎంత ఉండాలో దాన్నిబట్టి తెలుస్తుంది.

మూడో అడుగు: వారం రోజుల నగదు పట్టిక వేయండి

నగదుకు సాధారణంగా బర్గ్లరీ పాలసీలో చోటుండదు, లేదా నామమాత్రంగా ఉంటుంది. దానికి మనీ పాలసీ విడిగా తీసుకోవాలి, లేకపోతే దుకాణదారుల ప్యాకేజీ పాలసీలో ఆ విభాగాన్ని ఎంచుకోవాలి. అందులో ముఖ్యంగా మూడు పరిమితులుంటాయి. పనివేళల్లో ఆవరణలో ఉన్న డబ్బుకు ఒకటి, పనివేళల తర్వాత తాళం వేసిన సేఫ్‌లో ఉన్న డబ్బుకు ఒకటి, దారిలో ఉన్న డబ్బుకు ఒకటి.

వీటిని సగటు అమ్మకాలు చూసి నింపడమే పెద్ద పొరపాటు. దొంగ సగటు రోజున రాడు. బ్యాంకు మూసి ఉండి, సేఫ్ నిండి ఉన్న రోజునే వస్తాడు. కాబట్టి బ్యాంకు వరుసగా మూసి ఉండే గరిష్ఠ కాలాన్ని తీసుకుని పట్టిక వేయండి.

మన ఉదాహరణ దుకాణంలో మామూలు రోజు నగదు 40 వేలు. శనివారం 70 వేలు, ఆదివారం 90 వేలు వస్తాయి. సోమవారం సెలవు, ఆ రోజు 60 వేలు. శుక్రవారం బ్యాంకులో కట్టేశాక సాయంత్రం మిగిలింది 25 వేలు. శని, ఆది, సోమ మూడు రోజులూ బ్యాంకు లేదు. శుక్రవారం రాత్రి సేఫ్‌లో 25 వేలుంటే, శనివారం రాత్రికి 95 వేలు, ఆదివారం రాత్రికి 1 లక్ష 85 వేలు, సోమవారం రాత్రికి 2 లక్షల 45 వేలు అవుతాయి. దీనికి చిల్లర కోసం ఎప్పుడూ ఉంచే 10 వేలు కలిపితే 2 లక్షల 55 వేలు. ఈ దుకాణానికి సేఫ్ పరిమితి 3 లక్షలుండాలి. సగటు చూసి 1 లక్ష, మహా అయితే లక్షన్నర పెట్టుకునే దుకాణం ఇదే.

పనివేళల పరిమితి దగ్గర ఇంకో సంగతి గమనించాలి. పగలు సేఫ్‌లో ఉన్న డబ్బు గల్లా డబ్బుతో కలిపి 'ఆవరణలోని డబ్బు' కింద లెక్కవుతుందా, లేక సేఫ్ పరిమితి కిందే ఉంటుందా అన్నది పాలసీ మాటలను బట్టి మారుతుంది. కలిపి లెక్కించేదైతే, సోమవారం సాయంత్రం కత్తి చూపించి గల్లా, సేఫ్ రెండూ దోచుకుంటే, వర్తించేది పనివేళల పరిమితే. గల్లాలో లక్షకు మించి ఉండదని ఆ పరిమితి లక్షే పెట్టుకుంటే మిగతా లక్షన్నర పోయినట్టే. ఈ ప్రశ్న కంపెనీని రాతపూర్వకంగా అడిగి, జవాబు కూడా రాతలోనే తీసుకోండి.

రాత్రి గల్లాలో వదిలేసిన డబ్బుకు చాలా పాలసీల్లో ఏమీ రాదు, వచ్చినా చాలా చిన్న మొత్తమే. చిల్లరతో సహా సేఫ్‌లో పెట్టి, ఖాళీ గల్లా సొరుగును బయటికి లాగి తెరిచి ఉంచండి. లోపల ఏమీ లేదని కనిపిస్తే దాన్ని విరగ్గొట్టే పని ఉండదు.

నాలుగో అడుగు: సేఫ్, దాని తాళంచెవి, దాని లెక్క పుస్తకం

పాలసీలో సేఫ్ అని ఉంటే బట్టల బీరువా చాలదు. పల్చటి రేకు బీరువాను గడ్డపారతో నిమిషాల్లో తెరవచ్చు. మంటలను తట్టుకునే సేఫ్ దొంగను తట్టుకుంటుందనీ అనుకోకండి, ఆ రెండు పరీక్షలూ వేరు. దొంగను తట్టుకునే సేఫ్‌లకు ఈఎన్ 1143-1 అనే యూరప్ ప్రమాణంలో గ్రేడ్‌లున్నాయి. అమెరికా టీఎల్-15 గుర్తుంటే, పరీక్షలో పనిముట్లతో 15 నిమిషాల పాటు దాడి చేసినా ఆ తలుపు నిలబడిందని అర్థం. కంపెనీ మీ సేఫ్ గ్రేడ్‌ను బట్టే అందులో ఎంత నగదుకు ఒప్పుకుంటుందో చెప్పవచ్చు. ప్రతిపాదన పత్రంలో తయారీ, మోడల్, బరువు, గ్రేడ్ ఉన్నవున్నట్టు రాయండి.

తేలికపాటి సేఫ్‌ను దొంగలు అక్కడ తెరవరు, ఎత్తుకుపోయి తీరిగ్గా తెరుస్తారు. ఈఎన్ 1143-1 కూడా 1000 కిలోలకు తక్కువ బరువున్న విడి సేఫ్‌ను నేలకో గోడకో బిగించే ఏర్పాటు ఉండాలంటుంది. దుకాణంలో ఆ బోల్టుల రంధ్రాలు ఉంటాయి గానీ బోల్టులు బిగించి ఉండవు. సేఫ్ తలుపు తీసి అడుగున చెయ్యి పెట్టి చూడండి. బోల్టు తల వేలికి తగలాలి. అది కాంక్రీటులోకి దిగి ఉండాలి, టైల్ కింద ఇసుకలోకి కాదు.

ఇక తాళంచెవి. పనివేళల తర్వాత సేఫ్ తాళంచెవి గానీ, నంబరు రాసిన చీటీ గానీ దుకాణంలో ఉండిపోతే, ఆ తాళంచెవితో తెరిచిన సేఫ్ నష్టానికి పరిహారం ఉండదు. ఒక్క మినహాయింపు ఏమిటంటే, బెదిరించో కొట్టో తాళంచెవి లాక్కున్న సందర్భం. గల్లా సొరుగులో, దేవుడి పటం వెనుక, క్యాలెండర్ మేకుకు తగిలించిన తాళంచెవులన్నీ దొంగ మొదటి ఐదు నిమిషాల్లో వెతికే చోట్లే. రెండో తాళంచెవిని కూడా దుకాణంలో ఉంచకండి. నష్టాన్ని లెక్కించడానికి బీమా కంపెనీ పంపే సర్వేయర్ వచ్చినప్పుడు రెండు తాళంచెవులూ చూపించమంటాడు. ఒకటి లేకపోతే సంజాయిషీ మీరు ఇవ్వాలి. సేఫ్ మీద పగలగొట్టిన గుర్తు లేకుండా తెరుచుకుని ఉంటే అతని ప్రశ్నలన్నీ దాని చుట్టే తిరుగుతాయి.

మూడోది ఎవరూ పట్టించుకోని షరతు. సేఫ్‌లో ఎంత నగదు ఉందో ఏ రోజుకారోజు రాసిన లెక్క ఉండాలి, ఆ లెక్క సేఫ్‌లో కాకుండా వేరే చోట భద్రంగా ఉండాలి. పరిహారం ఆ లెక్కలో కనిపించిన మొత్తానికి మించదు. రాత్రి మూసేటప్పుడు నోట్లు ఎన్నేసి ఉన్నాయో విడివిడిగా రాసి, మొత్తం వేసి, ఇద్దరు సంతకం పెట్టి, ఆ పేజీని ఫోన్‌లో ఫోటో తీసి దుకాణం బయట ఉన్న ఇంకొకరికి పంపండి. రెండు నిమిషాల పని. ఫోటో మీద తేదీ, సమయం ఉంటాయి, పుస్తకం పోయినా రుజువు మిగులుతుంది.

ఐదో అడుగు: దారిలో ఉన్న డబ్బు

దీనికి రెండు అంకెలు అడుగుతారు. ఒక్కసారికి తీసుకెళ్లే గరిష్ఠ మొత్తం ఒకటి, ఏడాది పొడవునా తీసుకెళ్లే మొత్తం రెండోది. మొదటిది పరిహారం పరిమితి. రెండోదాని మీద ప్రీమియం లెక్కవుతుంది.

మంగళవారం పొద్దున మన దుకాణం నుంచి 2 లక్షల 45 వేలు బ్యాంకుకు వెళ్లాలి. కాబట్టి ఒక్కసారి పరిమితి 3 లక్షలు ఉండాలి. ప్రీమియం భారమనుకుంటే పరిమితి లక్షన్నర పెట్టుకుని రెండు విడతల్లో తీసుకెళ్లవచ్చు. మొదటి విడత బ్యాంకులో కట్టి రసీదు తెచ్చాకే రెండోది సేఫ్ నుంచి తీయాలి. ఇద్దరు ఒకేసారి ఒకే బండి మీద రెండు సంచుల్లో తీసుకెళ్తే అది ఒకే ప్రయాణం.

ఏడాది మొత్తం లెక్క ఇలా వేయాలి. వారంలో ఐదు రోజులు 40 వేల చొప్పున 2 లక్షలు, శని ఆదివారాలు కలిపి 1 లక్ష 60 వేలు, వారానికి 3 లక్షల 60 వేలు. 52 వారాలకు 187 లక్షల 20 వేలు. జీతాల కోసం బ్యాంకు నుంచి తెచ్చే డబ్బును చాలామంది మరిచిపోతారు. అదీ దారిలో ఉన్న డబ్బే. నెలకు లక్ష చొప్పున 12 లక్షలు కలిపితే 199 లక్షలు దాటింది. వ్యాపారం కాస్త పెరిగినా చాలేలా 220 లక్షలని రాయండి. సాధారణంగా ఏడాది చివర అసలు అంకె చెప్పి ప్రీమియం సర్దుబాటు చేసుకుంటారు. ఎక్కువ రాసినందుకు పెద్దగా పోయేది ఉండదు గానీ, బాగా తక్కువ రాస్తే క్లెయిమ్ సమయంలో అది తప్పుడు ప్రకటనలా కనిపిస్తుంది. సర్దుబాటు ఎలా చేస్తారో, అంచనా దాటిపోతే రక్షణ కొనసాగుతుందో లేదో ముందే అడగండి.

షరతుల్లో గట్టిగా గుర్తుంచుకోవలసినవి మూడు. డబ్బు తీసుకెళ్లే వ్యక్తి యజమానో, జీతం మీద ఉన్న అధీకృత ఉద్యోగో అయి ఉండాలి. పక్క దుకాణం కుర్రాడికో, బ్యాంకు వైపు వెళ్తున్న బంధువుకో ఇచ్చి పంపితే రక్షణ ఉండదు. డబ్బును బండిలో వదిలి మనిషి పక్కకు వెళ్తే, ఆ కాసేపట్లో పోయినదానికి పరిహారం రాదు. బండి సీటు కింద పెట్టి తాళం వేసినా ఇంతే. మూడోది, దారి అంటే దుకాణం నుంచి నేరుగా బ్యాంకుకు. మధ్యలో ఇంటికి వెళ్లి రాత్రి అక్కడే ఉంచితే అది ప్రయాణం కాదు. ఇంట్లో ఉంచక తప్పని దుకాణమైతే యజమాని ఇంట్లో డబ్బుకు వేరే పరిమితి అడిగి తీసుకోవాలి. డబ్బు తీసుకెళ్లిన ఉద్యోగే దాంతో పారిపోతే కొన్ని పాలసీలు ఇస్తాయి గానీ, 48 గంటల్లాంటి చిన్న గడువులోపు బయటపడాలంటాయి. కట్టిన రసీదును అదే రోజు చూసే అలవాటు లేని దుకాణానికి ఆ రక్షణ ఉన్నా లేనట్టే.

జరిగాక: ఆ మంగళవారం పొద్దున

షట్టరు తాళం తెగి ఉంది. లోపలికి వెళ్లి సర్దకండి. విరిగిన తాళం ముక్కలను కూడా కదపకండి, బలప్రయోగానికి అవే సాక్ష్యం. పోలీసులకు, వెంటనే బీమా కంపెనీకి చెప్పండి. పోలీసులకు ఇచ్చే మొదటి ఫిర్యాదులో తొందరపడి ఒక మొత్తం రాసి, తర్వాత క్లెయిమ్‌లో దాన్ని పెంచితే అనుమానం మొదలవుతుంది. 'నగదు లెక్క పుస్తకం ప్రకారం ఇంత, సరుకు లెక్కించాక తెలియజేస్తాం' అని రాయడం మేలు.

పోయిన సరుకును సర్వేయర్ పుస్తకాల నుంచి కడతాడు. చివరిసారి లెక్కించిన సరుకు 18 లక్షలు, ఆ తర్వాత కొన్నది 26 లక్షలు, అమ్మినది 30 లక్షలు. అమ్మకంలో లాభం 20 శాతమైతే అమ్మిన సరుకు కొన్న ధర 24 లక్షలు. 18కి 26 కలిపి 24 తీసేస్తే 20 లక్షల సరుకు ఉండాలి. ఇప్పుడు లెక్కిస్తే 16 ఉంది, పోయింది 4 లక్షలు. బిల్లు లేకుండా అమ్మిన సరుకు కూడా ఈ లెక్కలో పోయినట్టే కనిపిస్తుంది. సర్వేయర్‌కు ఆ సంగతి తెలుసు, అందుకే పాత నెలల లాభ శాతంతో పోల్చి చూస్తాడు.

నగదు విషయానికొస్తే, సేఫ్‌ను గ్యాస్ కట్టర్‌తో కోశారు, 2 లక్షల 45 వేలు పోయాయి. గల్లాలో వదిలిన 10 వేల చిల్లర కూడా పోయింది. సేఫ్ పరిమితి 3 లక్షలు, లెక్క పుస్తకం ఫోటో ఉంటే, పాలసీ ప్రకారం మీరు భరించాల్సిన మొత్తం తీసేసి 2 లక్షల 45 వేలూ వస్తాయి. పరిమితి లక్షన్నరైతే 95 వేలు మీ జేబులోంచే. పుస్తకం కూడా సేఫ్‌లోనే పెట్టి పోగొట్టుకుంటే, బిల్లింగ్ యంత్రం చూపించే అమ్మకాల్లో ఎంత నగదు, ఎంత కార్డు అని తేల్చి రుజువు చేసుకోవాలి. గల్లాలోని 10 వేలకు చాలా పాలసీల్లో ఏమీ రాదు.

పరిహారం అందాక పాలసీ మళ్లీ తెరిచి చూడండి. 6 లక్షల ఫస్ట్ లాస్ రక్షణలో 4 లక్షలు ఖర్చయ్యాయి కాబట్టి, ఏడాది మిగిలిన కాలానికి మిగిలింది 2 లక్షలే. తిరిగి 6 లక్షలు కావాలంటే మిగిలిన రోజులకు అదనపు ప్రీమియం కట్టి పునరుద్ధరించుకోవాలి. సేఫ్ పరిమితి కూడా ఇలాగే తగ్గిందేమో అదే ఉత్తరంలో అడగండి. ఒకసారి దారి తెలిసిన దొంగ, కొత్త సరుకు దిగిందని తెలిస్తే అదే షట్టరు దగ్గరికి మళ్లీ రావచ్చు. కాబట్టి కొత్త సరుకు లోపలికి దించే ముందే ఈ పని పూర్తి చేయండి.